'మామృతాత్': రోగిశయ్య వద్ద ఒక అపార్థం

రోగి పరిస్థితి విషమించిందని వైద్యులు చెప్పిన మరుక్షణం ఆస్తిక కుటుంబాలలో మొదట స్ఫురించేది త్ర్యంబక మంత్రమే. ఆ స్ఫురణలో దోషమేమీ లేదు. జనవ్యవహారంలో ఆ మంత్రానికి స్థిరపడిన అర్థంలోనే దోషం ఉన్నది. "ముక్కంటి దేవా, నన్ను మృత్యువు నుండి తప్పించి అమరత్వాన్ని ఇయ్యి" అని చాలామంది దానిని భావిస్తున్నారు, కొన్ని చిన్న పుస్తకాలు అలాగే అచ్చువేస్తున్నాయి కూడా. మంత్రంలో ఆ వాక్యం లేదు.

చిక్కంతా చివరి పదం 'మామృతాత్' దగ్గర ఉన్నది. దాని మొదటి 'మా'ను 'నన్ను' అని తీసుకొంటున్నారు. కాని 'అమృతాత్' పంచమీ విభక్తి. 'అమృతత్వము నుండి' అని దాని అర్థం. అప్పుడు వాక్యం "నన్ను మృత్యువు నుండి, అమృతత్వము నుండి విడిపించు" అని తేలుతుంది. ఏ భక్తుడూ అడగని వరమది! పైగా 'ముక్షీయ' అనే క్రియ ఆత్మనేపదం, ఉత్తమ పురుష, ఏకవచనం. 'నేను విముక్తుడనగుదును గాక' అని అది తానే చెబుతున్నది. కర్త 'నేను' అయినచోట 'నన్ను' అనే కర్మకు పని లేదు. కనుక ఇక్కడి 'మా' నిషేధార్థకం. మృత్యువు నుండి విడివడుదును గాక, అమృతత్వము నుండి కాదు: ఇదే ఋజువైన అన్వయం.

స్వరం దీనినే ధ్రువీకరిస్తుంది. 'నన్ను' అనే అర్థంలోని 'మా' అనుదాత్తం, నిషేధార్థకమైన 'మా' ఉదాత్తం. స్వరచిహ్నాలతో ముద్రించిన తైత్తిరీయ పాఠాన్ని తెరచి చూచినవారికి 'ముక్షీయ' లోని 'య' కింద గీత కనిపిస్తుంది, తరువాతి 'మా' కింద ఏ గీతా ఉండదు. ఉదాత్తానికి ముందున్న అక్షరం కిందనే ఆ గీత పడుతుంది. 'మా' అంటే 'నన్ను' అయితే గీత 'య'ను వదలి 'మా' కిందికి జరిగేది. ఇక 'ఆఙ్'ను ఊహించి 'అమృతత్వము వరకు' అని చెప్పే ప్రాచీన పక్షం ఒకటి ఉన్నది. అది గౌరవింపదగినదే అయినా, అక్కడ కూడా 'నన్ను' అనే కర్మ 'ముక్షీయ'తో పొసగదు.

ఈ వివాదాన్ని తీర్చగల మరొక సాక్షి ఈ మంత్రపు తోబుట్టువు. ఋగ్వేద సప్తమ మండలంలో, 59వ సూక్తం చివర, వసిష్ఠుని పేర ఉన్న ఈ ఋక్కు యజుర్వేదంలో త్ర్యంబక హోమానికి వినియోగమయింది. ఇంటిలో ఎందరున్నారో అన్ని పురోడాశాలు, వాటిపైన మరొకటి అధికంగా చేసి, చతుష్పథం దగ్గర రుద్రునికి సమర్పించే క్రతువది. ఆ అధికమైనది ఇంకా పుట్టని సంతతి కోసమని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. అదే సందర్భంలో కన్యలు అగ్నికి ప్రదక్షిణం చేస్తూ ఈ మంత్రాన్నే కొద్ది మార్పుతో చెబుతారు. 'పుష్టివర్ధనం' స్థానంలో 'పతివేదనం' వస్తుంది, చివర మృత్యువు, అమృతము అనే మాటలకు బదులు 'ఇతః', 'అముతః' అనేవి వస్తాయి. ఇతః అంటే పుట్టింటి వారి నుండి, అముతః అంటే భర్త నుండి అని బ్రాహ్మణమే వివరించింది. ఇక్కడి నుండి విడివడుదును గాక, అక్కడి నుండి కాదు. ఈ పోలికను చూచిన తరువాత 'మా'ను 'నన్ను' అనడానికి చోటెక్కడ?

ఇంత వ్యాకరణం రోగికెందుకు అని అడిగేవారున్నారు. ఎందుకంటే అర్థం మారితే ప్రార్థనే మారిపోతుంది. మంత్రంలోని ఉపమానం దోసపండు. నేలపై పాకిన తీగకు పండిన దోసపండు తొడిమ నుండి తానే ఊడుతుంది. కత్తి పడదు, తీగ కదలదు. పచ్చి కాయను లాగితే తొడిమ చీలుతుంది, తీగ పెకలివస్తుంది. 'బంధనాత్' అన్న మాటకు ఇక్కడ తొడిమ అనే అర్థం. మంత్రం కోరేది పండకముందే తెగిపోకుండడం, పండిన తరువాత పట్టుకొని వేలాడకుండడం. ఈ రెండింటిలో మొదటిదానిని మాత్రమే ఉంచుకొని రెండవదానిని లోకం పారవేసింది.

సంకల్పం ఈ భేదాన్ని మరువలేదు. రోగి పేరు, గోత్రం, నక్షత్రం చెప్పిన తరువాత పురోహితుడు 'అపమృత్యు పరిహారార్థం' అంటాడు. అపమృత్యువంటే అకాలంలో వచ్చేది, పచ్చికాయను తెంపేది. ఇరవై నాలుగేళ్ల యువకుడు విషజ్వరంతో పడి ఉంటే ఆ మాట అక్షరాలా తగినది. ఎనభై ఆరేళ్ల వృద్ధుడు, అవయవాలన్నీ ఒక్కొక్కటిగా సెలవు తీసుకొన్నవాడు, మరణాన్ని తానే ఎదురుచూస్తున్నవాడు మంచంపై ఉంటే, ఆ మాటను యథాతథంగా వల్లించి బంధువులు ఎవరిని మభ్యపెడుతున్నారు? అక్కడ అడగవలసినది అనాయాసమైన వియోగం. అదే మంత్రం, అదే దోసపండు. సంకల్పంలో ఒక్క మాట మారాలి. ఆ మాట మార్చడానికి కుటుంబం భయపడుతుంది, పురోహితుడు మొగమాటపడతాడు. చివరకు పెద్దాయన పోతే, "జపం ఫలించలేదు" అని మంత్రానికి నింద వస్తుంది.

ఇక సంఖ్య మాట. లక్షా ఇరవై ఐదు వేల జపం ఒక్కరోజులో ఐదుగురు ఋత్విక్కులతో పూర్తి చేయిస్తామనే మాటను నమ్మి సొమ్ము కట్టేవారు ఒకసారి లెక్క వేయాలి. ఒక్కొక్కరికి 25,000 వస్తుంది. ఆగకుండా 12 గంటలు కూర్చున్నా ఒక్క ఆవృత్తికి రెండు సెకన్లు కూడా దక్కవు. ముప్పై రెండు అక్షరాల మంత్రాన్ని ఆ కాలంలో స్వరంతో పలకడం మానవ కంఠానికి సాధ్యం కాదు. నిదానంగా పలికితే ఒక ఆవృత్తికి సుమారు 12 సెకన్లు పడుతుంది, అంటే గంటకు 300. ఐదుగురు రోజుకు 8 గంటలు జపిస్తే 12,000 అవుతుంది, మొత్తం పూర్తి కావడానికి పదిరోజులు దాటుతుంది. అంతకంటె చాలా ముందే ముగిసినదని చెబితే జరిగినది జపం కాదు, గణన మాత్రమే.

మంత్రాన్ని వినిపించే ధ్వనిముద్రణలలో మరొక ప్రమాదం ఉన్నది. రాగం కోసం 'ముక్షీయ మా' దగ్గర ఊపిరి తీసి తరువాత 'మృతాత్' అంటారు. 'మా' తరువాత విరిస్తే సంధిలో కలిసిన అకారం 'మా'తోనే పోయి, మిగిలేది 'మృతాత్'. అంటే 'మృతము నుండి'. 'మృతము నుండి కాదు' అని ప్రార్థన తలక్రిందులవుతుంది. ఊపిరి తీయవలసిన చోటు 'పుష్టివర్ధనం' తరువాత. ఉత్తరార్ధాన్ని ఒకే శ్వాసలో నడపలేనివారు 'ముక్షీయ' తరువాత ఆగవచ్చు, 'మా'ను 'అమృతాత్' నుండి విడదీయరాదు.

జపం మొదలైనదని మందు ఆపేవారికి శాస్త్రంలో ఆధారం దొరకదు. చరక సంహిత సూత్రస్థానం చికిత్సను మూడుగా చెబుతూ మంత్రాదులను దైవవ్యపాశ్రయమని, ఆహార ఔషధాల యోజనను యుక్తివ్యపాశ్రయమని, మనోనిగ్రహాన్ని సత్త్వావజయమని పేర్కొన్నది. ఒకటి మరొకదానికి బదులని అది ఎక్కడా అనలేదు. మంత్రంలోని దేవుడే 'పుష్టివర్ధనుడు'. పుష్టిని పెంచేవానిని పిలుస్తూ రోగికి ఆహారం, ఔషధం మాన్పించడం ఎంత విపరీతం!

'యజామహే' బహువచనం, 'ముక్షీయ' ఏకవచనం. పూజించేది ఇంటిల్లిపాది, విడివడేది ఒక్కరు. రోగికి స్పృహ ఉంటే ఆ ఏకవచనాన్ని అతని నోటనే పలికించాలి. గొంతు రాకపోతే పెదవి కదిలినా చాలు; పక్కన కూర్చున్నవారు అతనికి వినబడేటట్లు, గదిలోని ఇతర రోగులకు ఇబ్బంది కలుగనంత మెల్లగా, మంత్రాన్ని నిదానంగా పదకొండుసార్లు చెప్పి, దోసపండు మాట అతనికి తెలుగులో వివరించవచ్చు.