అద్దె గది, ఉమ్మడి వంటగది

చేవెళ్ళ, మొయినాబాద్‌లలో చదువుకో, ఉద్యోగానికో వచ్చినవారు యజమాని ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకోవటం మామూలే. అటువంటి ఒక సోదరి మమ్మల్ని అడిగారు: “వంటగది వేళలు, గది ఏకాంతం గురించి ముందే మాట్లాడితే ఇంటి ఖాలా నొచ్చుకుంటారేమో?”

నొచ్చుకోవలసిన పని లేదు. అద్దె ‘ఇజారా’ ఒప్పందం. అద్దె ఎంతో తెలిసినట్లే, దేనిని వాడుకుంటున్నారో, ఎంతకాలమో కూడా తెలిసి ఉండాలన్నది ఫిఖ్హ్ పండితుల షరతు. “వంటగది కూడా వాడుకో అమ్మా” అన్న మాటలో వేళ లేదు, సిలిండరు ఖర్చు లేదు. తగవు అక్కడే మొదలవుతుంది. కనుక ఇలా అనుకోవచ్చు: ఉదయం 6 నుంచి 7, రాత్రి 8 నుంచి 9 వరకు పొయ్యి ఆమెది, సిలిండరు ఖర్చులో నాలుగో వంతు ఆమెది, ఆ వేళల్లో ఇంటి మగవారు వంటగదిలోకి రారు.

ఇక గది. గోడలు యజమానివైనా, గడువు తీరేదాకా అందులో నివసించే హక్కు అద్దెదారుది. అనుమతి లేనిదే ఇతరుల ఇళ్ళలోకి వెళ్ళరాదన్న సూరా నూర్ 27వ ఆయతును యజమాని కూడా ఇక్కడ పాటించాలి. మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకుంటే తిరిగిపొమ్మని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మరమ్మతుకైనా ముందు చెప్పాలి. ఆమె లేనప్పుడు రెండో తాళంచెవి వాడరాదు. నిప్పు అంటుకోవటం వంటి ఆపద మాత్రమే మినహాయింపు.

ఈ మాటలు కాగితంపై రాసి, అడ్వాన్సు ఇచ్చేముందే ఇద్దరూ సంతకం చేయటం మేలు.