ఆర్డర్ పోయినాక అడగాల్సిన మాట

సోలాపూర్‌లో ఇంటి ముందు రెండు మూడు సాంచాలు పెట్టుకొని టవళ్లు నేసే మనవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఆర్డర్ ఇంకొకరికి పోతే "వాడు రేటు తగ్గించిండు" అనుకొని ఊరుకుంటాం. లేకుంటే మనమూ రేటు తగ్గిస్తాం. కొనేవాడిని మాత్రం అడగం. అడిగితే చిన్నతనం అనిపిస్తుంది. నిరుడు మా మేనల్లుడు అడిగిండు, నేనూ వెంట పోయిన. ఆ సంగతి చెప్తా.

అక్కల్‌కోట్‌లో ఒక లాడ్జికి వాడు రెండుసార్లు ఇరవై డజన్ల టవళ్లు ఇచ్చిండు. 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు, ఒక్కొక్కటి 600 గ్రాములు. మూడోసారి ఆర్డర్ వేరే సాంచాలవాళ్లకు పోయింది. ఫోను చేస్తే మేనేజరు "రేటు కుదరలేదు" అన్నడట. కిలోకు పది రూపాయలు తగ్గించి మళ్లీ అడుగుతానని మావాడు లేచిండు. ముందు కారణం తెలుసుకో అన్నాను.

వెంటనే పోలేదు. కొత్త మాలు వాళ్లకు చేరి, బిల్లు కూడా అయిపోయేదాకా ఆగినం. మాటలు ఇంకా నడుస్తుండగా పోతే బేరానికి వచ్చినరు అనుకుంటరు. గురువారం అక్కడ భక్తుల రద్దీ కాబట్టి మంగళవారం, మధ్యాహ్నం భోజనాలు అయినాక పోయినం. చేతిలో శాంపిల్ కూడా పట్టుకోలేదు. శాంపిల్ కనబడితే అవతలి మనిషి మనసు విప్పడు.

మావాడు నిలబడే ఇట్ల అడిగిండు: "సాహెబ్, ఆర్డర్ మాగాయ్‌లా ఆలో నాహీ. ఆమ్‌చ్యా మాలాత్ కాయ్ కమీ పడ్‌లం, తేవ్‌ఢం సాంగా." అంటే, ఆర్డర్ అడగడానికి రాలేదు, మా మాలులో ఏం తక్కువైందో అంతవరకు చెప్పండి అని. "మాకెందుకు ఇవ్వలేదు" అని అడగలేదు. అట్ల అడిగితే ఆయన తాను చేసింది సరే అని చెప్పుకోవాల్సి వస్తుంది. మాలు గురించి అడిగితే మాలు గురించే చెప్తడు.

మేనేజరు మొదట "మాలు బాగానే ఉంది, రేటే" అన్నడు. మర్యాదకు అందరూ చెప్పే మాట అది. మావాడు రేటు ఎత్తలేదు. "ఉతికేకాడ, ఆరేసేకాడ ఏమన్నా ఇబ్బంది అయిందా?" అని ఇంకొక్క మాట అడిగి ఊరుకున్నడు. మేనేజరు బట్టలు చూసే మనిషిని పిలిచిండు. అసలు సంగతి ఆయన చెప్పిండు. ధోబీకి వాళ్లు కిలో లెక్కన డబ్బులిస్తరు. కొత్తవాళ్ల టవల్ 450 గ్రాములే. ఒక్కదానికి 150 గ్రాములు తేడా అంటే 240 టవళ్లకు ఒక్క ఉతుకుకు 36 కిలోలు ఎక్కువ. పైగా వానాకాలంలో మన టవల్ ఒక్క రోజులో ఆరదు, వాసన పడుతుంది.

"బరువు టవల్ ఎక్కువ రోజులు వస్తుంది సాహెబ్" అనే మాట మావాడి నోటిదాకా వచ్చింది. నేను పక్కనుంచి చూస్తున్నా, మింగిండు. ఆ మాట నిజమే. కాని అంటే అది జగడమవుతుంది, అవతలి మనిషి నోరు మూస్తడు. "ఇది మాకు తెలియదు, మంచిగ చెప్పినరు" అని దండం పెట్టి లేచినం. పది నిమిషాలు కూడా పట్టలేదు. బస్టాండుకు రాగానే ఆ మాటలన్నీ చీటీ మీద రాయించిన. ఇంటికి పోయేసరికి మనకు నచ్చినట్టు మారిపోతయి.

ఇప్పుడు లెక్క చూడండి. కిలోకు పది రూపాయలు తగ్గించి ఉంటే డబ్బూ పోయేది, ఆ టవల్ ఆరకపోవడమూ పోయేది కాదు. మావాడు పైలు బీము సర్ది కుచ్చు ఎత్తు తగ్గించిండు, టవల్ 450 గ్రాములకు వచ్చింది. కుచ్చు మరీ తగ్గిస్తే నీళ్లు పీల్చదు కాబట్టి అక్కడ ఆపిండు. ఆ లాడ్జి ఆర్డర్ ఇంకా తిరిగి రాలేదు. వాళ్లు మళ్లీ టవళ్లు కొనే రోజులకు ఒక్క శాంపిల్ ఇచ్చి, ఉతికి చూడమని చెప్పి వచ్చిండు. కాని ఇప్పుడు ఏ లాడ్జికి పోయినా ముందు అడిగేది ఒకటే: ఉతికేది కిలో లెక్కనా, నగం లెక్కనా?

ఒకరు చెప్పిన మాటకే అన్ని సాంచాలూ మార్చొద్దు. ఇంట్లో వాడుకునేవాళ్లకు బరువు టవలే కావాలి, వాడు ఒక సాంచా దానికే ఉంచిండు. ఇక కొన్ని కారణాలు మన చేతిలో ఉండవు. "మా బావమరిది దుకాణం నుంచి తెచ్చుకుంటున్నం" అంటే, మంచిది అని వచ్చేయాలి. ఒక్కసారే అడగాలి. రెండోసారి అదే అడిగితే మనం వస్తున్నమంటేనే ఆయన లోపలికి పోతడు.