తోడబుట్టినవారి మీద కోపం: మూడు కుప్పలు



మంచాన పడ్డ తల్లినో తండ్రినో ఏళ్ల తరబడి చూసుకున్నవారు, పట్టించుకోని అన్న మీదో చెల్లి మీదో కోపంతో ఉంటే మనం వెంటనే చెప్పే మాట ఒకటుంది: "పోనీలే, క్షమించేయ్." ఈ మాటకు తొందర ఎక్కువని మేము అనుకుంటున్నాము. దేన్ని క్షమిస్తున్నామో తెలియకుండా క్షమించడం కుదరదు. లేవీయకాండము 19:17లో దేవుడు సహోదరుని మీద లోలోపల పగ పెట్టుకోవద్దని చెప్పి, ఆ వచనంలోనే తప్పు చేసినవానిని గద్దించమని కూడా చెప్పాడు. మౌనంగా దాచుకున్న కోపమే పగ అవుతుంది.

మన పల్లెల్లో తరచూ కనిపించే ఒక ఇంటిని తీసుకుందాం. తల్లికి పక్షవాతం. పెద్దకొడుకు హైదరాబాదులో, చిన్నకొడుకు ఊళ్లో. వీపు మీద పుండ్లు పడకుండా రాత్రి కూడా రెండు గంటలకోసారి ఆమెను పక్కకు తిప్పాలి. జావ గొంతుకు అడ్డం పడకుండా కూర్చోబెట్టి చెంచాతో పట్టాలి. ఇదంతా చిన్నకొడుకు, కోడలు చేశారు. పెద్దకొడుకు పండక్కి పళ్లతో వచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చి వెళ్లేవాడు. ఆమె ప్రభువునందు నిద్రించాక జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ వేయించి, బిర్యానీ పెట్టించి, మైకులో అమ్మను గూర్చి సాక్ష్యం చెప్పాడు. వంటల దగ్గర నిలబడ్డ తమ్ముడికి కడుపు మండింది. ఆ మంటలో మూడు కుప్పలున్నాయి.

మొదటిది లెక్కకు వచ్చేది. మందులు, డైపర్లు, టౌనుకు ఆటో, పోయిన కూలి. తల్లి బ్రతికుండగానే దీన్ని తేదీ వేసి పుస్తకంలో రాయాలి. నెలకు 7,000 అయితే, "అన్నయ్యా, 3,500 నువ్వు పంపు. నెలలో రెండు రాత్రులు వచ్చి అమ్మ దగ్గర ఉండు, మేము నిద్రపోతాం" అని అడగాలి. "నువ్వేం చేశావు?" అంటే తగాదా వస్తుంది, రాత్రి లెక్క చెబితే జవాబు చెప్పక తప్పదు. మత్తయి 18:15 ప్రకారం ముందు ఒంటరిగా అడగాలి, బంధువుల మధ్య కాదు. ఇంకొకటి చూసుకోవాలి. ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మ బాగానే ఉంది, పర్వాలేదు" అని చెప్పి ఉంటే, అతను కాదన్నాడా, అతనికి తెలియలేదా? రెండూ ఒకటి కావు. తెలిసీ కాదంటే మేనమామనో సంఘ పెద్దనో వెంట తీసుకెళ్లి మళ్లీ అడగవచ్చు. దేవునికి అర్పించామన్న వంకతో తల్లిదండ్రులను వదిలేసేవారిని ప్రభువు మార్కు 7లో మందలించాడు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా కొడుకులనూ కూతుళ్లనూ బాధ్యులుగానే చూస్తుంది.

రెండవది లెక్కకు రానిది. నిద్రలేని ఆ రాత్రులను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అన్న ఒప్పుకుంటేనే నాకు శాంతి అనుకుంటే, మన శాంతి తాళంచెవి అతని చేతిలో పెట్టినట్టే. క్షమించవలసింది ఈ కుప్పనే. క్షమించడమంటే ఈ బాకీ ఇక అడగకపోవడం. ఖర్చుల పుస్తకం చింపేయమని కాదు.

మూడవది అసలు అన్నది కాదు. చిన్నకొడుకు చేతి ముద్ద తింటూనే తల్లి "పెద్దోడు ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. ఆ నొప్పి తల్లి వల్ల కలిగింది, కాని చనిపోయిన తల్లి మీద కోపపడలేక అన్న మీద వేస్తాం. లూకా 15లో పెద్దకొడుకు ఫిర్యాదు కూడా తండ్రి మీదే. తనకు ఒక్క మేకపిల్లయినా ఇవ్వలేదన్నాడు. తండ్రి బయటికి వచ్చి అతణ్ణి బతిమాలాడు గాని, నువ్వు చేసిన పని పనే కాదనలేదు. ఈ కుప్పను మోకాళ్ల మీద దేవునితోనే చెప్పుకోవాలి.

ఈ మూడూ కలిసిపోయినప్పుడే పొలం పంపకాల్లో పేలుతుంది. చాకిరీకి వాటా ఎక్కువ ఇవ్వాలనుకుంటే, తల్లి తెలివిలో ఉన్నప్పుడే ఆమె నోటితో తేలి, కాగితం మీదికి రావాలి. భూస్థాపన తర్వాత అడిగితే న్యాయమైన మాట కూడా ఆశలాగే వినిపిస్తుంది.

తండ్రి చనిపోయాక యాకోబు పని పడతానని ఏశావు అనుకున్నాడు. కాని ఆదికాండము 35:29లో ఇస్సాకును ఇద్దరూ కలిసి పాతిపెట్టారు. తండ్రి బ్రతికుండగానే వారు కలుసుకున్నారు గనుక అది జరిగింది. మీ ఇంట్లో ఆ మంచం మీద ఇంకా ఊపిరి ఉంటే, ఆ మాట ఈ వారమే ఫోన్‌లో అడగండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.