మెహమాన్‌ని గడపలోనే నిలబెట్టకండి

మా భాంజీ లా చదివింది. ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఖాతా తెరిచింది. నికాహ్‌నామాలో ఏ ఖానాలో ఏం రాస్తారో, దాని అర్థమేమిటో తెలుగులో చెప్పే ఖాతా. మన ఇళ్ళల్లో తెలుగు మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఉర్దూ మాట్లాడతారు గానీ చదవలేరు. తన జిందగీలో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం మీద, అందులో ఏముందో తెలియకుండానే, దుల్హన్ దస్తఖత్ పెట్టేస్తుంది. అందుకే ఈ పిల్ల పని నాకు నచ్చింది.

పదిహేను పోస్టులు పెట్టాక, కొత్తగా వచ్చేవాళ్ళ కోసం 'ఇక్కడ మొదలుపెట్టండి' అని ఒక కారౌసెల్ తయారుచేసింది. వేలితో జరుపుతూ ఒకదాని తర్వాత ఒకటి చూసే బొమ్మల వరుస అది. "మామూ, మీరు అఖ్బార్ మనిషి కదా, ఒకసారి చూడండి" అని పంపింది. మొత్తం పద్నాలుగు స్లైడ్లు. మొదటిది 'స్వాగతం'. రెండోది తన ఫోటో. మూడు, నాలుగు చదువు గురించి. అయిదు నుంచి ఎనిమిది దాకా ఈ ఖాతా ఎందుకు పెట్టాలనిపించిందో. ముందు ఏ పోస్టులు చదవాలో పన్నెండో స్లైడ్‌లో ఉంది.

నేనేమీ అనలేదు. ఫోను మా బేగమ్ చేతికిచ్చాను. ఆమె మూడు స్లైడ్లు జరిపి తిరిగి ఇచ్చేస్తూ, "మాషాఅల్లాహ్, పిల్ల బాగా చదువుకుంది. ఇంతకీ ఇందులో ఏముంది?" అంది.

నా రాయ్ అంతా ఆ ఒక్క సవాల్‌లోనే ఉంది. పరిచయమంటే మనమెవరో చెప్పుకోవడమని అనుకుంటాం. వచ్చినవాళ్ళకు కావలసింది అది కాదు. ఇది నా కోసమేనా, నాకేం దొరుకుతుంది, ముందు ఏది చదవాలి, ఈ మూడే. ఇంటికొచ్చిన మెహమాన్‌కి ముందు కూర్చోవడానికి చోటు చూపిస్తాం, మంచినీళ్ళిస్తాం. ఖాన్‌దాన్ కథలు ఆ తర్వాత. గడపలో నిలబెట్టి షజరా చదివితే ఎవరాగుతారు?

ఆ ఇతవారం ఇద్దరం కూర్చుని పద్నాలుగింటిని ఏడు చేశాం. ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు ఒక కారౌసెల్‌లో ఇరవై దాకా పెట్టనిస్తుంది. 2024కి ముందు పదే. చోటుంది కదా అని నింపాల్సిన పని లేదు.

మొదటి స్లైడ్‌లో 'స్వాగతం' తీసేసి, 'నికాహ్‌నామా మీద సంతకం పెట్టే ముందు, అందులో ఏముందో తెలుగులో చదువుకోండి' అని పెట్టాం. ఎవరికోసమో, ఏం దొరుకుతుందో ఆ ఒక్క వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇక్కడ నేనొక గల్తీ చేశాను. పక్కకు జరపమని చెప్పే బాణం గుర్తును ఎడమవైపుకు పెట్టమన్నాను. ఉర్దూ మీడియంలో చదివిన చేయి మరి, కితాబ్ కుడివైపు నుంచి తెరిచి ఎడమకు వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో తర్వాతి స్లైడ్ కుడివైపున ఉంటుంది. నా బాణం గోడను చూపిస్తోంది. భాంజీ నవ్వి తిప్పేసింది.

రెండోది ఎవరికోసమో ఇంకొంచెం విడమరిచి చెప్పేది. రిష్తా కుదిరిన అమ్మాయి, ఆమె అమ్మీ అబ్బా, ఎప్పుడో నికాహ్ అయి కాగితాన్ని సందూక్‌లో దాచుకున్నవాళ్ళు. మూడోది ఏం దొరుకుతుందో చెప్పేది. ఒక్కో పోస్టులో ఒక్కో ఖానా, అందులోని ఉర్దూ మాట, దాని తెలుగు అర్థం, సంతకానికి ముందు అడగాల్సిన ఒక ప్రశ్న. అంతే.

నాలుగో స్లైడ్ మీద మాకు బహస్ జరగలేదు గానీ, చాలామంది వదిలేసేది ఇదే. ఇక్కడ ఏం దొరకదో చెప్పే స్లైడ్. ఇక్కడ ఫత్వా దొరకదు, మస్‌అలా ఉంటే ఆలిమ్‌ని అడగండి. కేసు నడుస్తుంటే వకీలు దగ్గరికి వెళ్ళండి. మీ నికాహ్‌నామా ఫోటో తీసి మెసేజ్‌లో పంపకండి. ఆ మూడో మాట ఎందుకంటే, ఖాతా తెరిచిన కొద్దిరోజులకే కొందరు పంపారట. అందులో రెండు కుటుంబాల పేర్లు, అడ్రసులు, గవాహుల సంతకాలు అన్నీ ఉంటాయి. ముక్కూమొహం తెలియని ఖాతాకు పంపే చీజ్ కాదు అది. అమానత్ తీసుకునే తాకత్ లేనప్పుడు ముందే వద్దని చెప్పడం మంచిది.

అయిదు, ఆరు స్లైడ్లలో ముందు చదవాల్సిన పోస్టులు. అసలు బహస్ ఇక్కడ. తలాఖ్ మీద పెట్టిన పోస్టునే ఎక్కువమంది చూశారు కాబట్టి అదే మొదట పెట్టాలని తన వాదన. ఎక్కువమంది చూసింది వేరు, ముందు చూడాల్సింది వేరు అని నేనన్నాను. తలాఖ్ పోస్టు చదవాలంటే మెహర్ తెలియాలి. మెహర్ ఇచ్చేశారా, బాకీ ఉందా అన్నది కాగితంలో ఎక్కడ రాస్తారో తెలియకుండా, విడిపోయేటప్పుడు ఏం అడగాలో ఎలా తెలుస్తుంది?

అందుకని మెహర్ పోస్టు మొదటిదైంది. ఆ పోస్టు ఎందుకు మొదటిదో మీకూ చెప్తాను. మెహర్ పక్కన 'ముఅజ్జల్' అని రాస్తారు. ఆ మాట రెండు రకాలు. ఒకటి ఐన్‌తో రాసేది, వెంటనే ఇవ్వాల్సిన మెహర్ అని అర్థం. ఉజ్లత్ అంటాం కదా, తొందర, అదే మూలం. ఇంకొకటి ఐన్ బదులు హంజా ఉన్న వావ్‌తో రాసేది, తర్వాత ఇచ్చే మెహర్ అని అర్థం. గడువును అజల్ అంటాం, దాని నుంచి వచ్చింది. మన నోట్లో రెండూ ఒకేలా పలుకుతాయి. తెలుగులో రాస్తే రెండూ ఒక్కటే. చెవితో విన్నవాళ్ళకు తేడా తెలిసే దారే లేదు. రెండు అక్షరాలనూ పెద్దగా రాసి చూపించిన పోస్టు అది. సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్న: "ఇది ఇప్పుడిచ్చేదా, తర్వాతదా? పక్కన మామూలు మాటల్లో కూడా రాయండి."

రెండోది గవాహుల ఖానా, నికాహ్‌నామా నకలు అడిగి తీసుకోవడం గురించి. మూడోది షరాయత్, అంటే నికాహ్‌కు ముందే ఇద్దరూ ఒప్పుకున్న షరతులు రాసుకోవడం గురించి. మూడే పెట్టాం. పదిహేనూ పెడితే అది దారి చూపడం కాదు, ఫిహ్రిస్త్ చేతికిచ్చి పొమ్మనడం.

భాంజీ ఊరుకోలేదు. "మామూ, మీరు చెప్పింది రిష్తా కుదిరిన పిల్లకు సరే. నిన్న రాత్రి తలాఖ్ మాట విని, ఏడుస్తూ వెతుక్కుంటూ వచ్చిన ఆమెకు? కూర్చోబెట్టి మెహర్ సబఖ్ చెప్తామా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తన మాటే హఖ్. రెండో స్లైడ్ కిందనే ఒక మాట చేర్చాం: 'మీరిప్పుడు ముసీబత్‌లో ఉంటే ఈ వరుస మీకు కాదు. ఉచిత న్యాయసహాయానికి 15100, మహిళల హెల్ప్‌లైన్‌కు 181.' 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం, ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హఖ్ ఉంది. ఈ మాట చివరి స్లైడ్‌లో ఉంటే ఆమె అక్కడిదాకా రాదు. అందుకే రెండోదానిలో.

ఏడోది, పోస్టుల దగ్గరికి ఎలా వెళ్ళాలో చెప్పేది. బొమ్మ మీద రాసిన పేరును నొక్కితే ఏమీ తెరుచుకోదు. చదివేవాళ్ళు ప్రొఫైల్‌కు వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. కాబట్టి స్లైడ్‌లో ఏ పేరు రాశామో ఆ పోస్టు మొదటి బొమ్మ మీద అక్షరం తేడా లేకుండా అదే పేరుండాలి. భాంజీ లిస్టులో 'మెహర్ రెండు రకాలు' అని ఉంది, పోస్టు మీదేమో 'ఒక అక్షరం, ఒక హక్కు' అని ఉంది. రెండోది అందంగానే ఉంది గానీ ఎవరికీ దొరకదు. మార్చేసి మళ్ళీ పెట్టాం. ఒక్కోదాని మూల మీద 1, 2, 3 అంకెలు వేశాం.

ప్రొఫైల్ పైన మూడు పోస్టులనే పిన్ చేయనిస్తారు. ఒకటి ఈ కారౌసెల్‌కే పోయింది. మిగిలిన రెండు చోట్లలో మెహర్, గవాహుల పోస్టులు పెట్టాం. పిన్ చేశాక ఇంకొకరి ఫోనులో ప్రొఫైల్ తెరిచి వరుస సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ప్రొఫైల్‌లో చిన్నగా కనిపించేటప్పుడు బొమ్మ అంచులు తెగిపోతాయి కాబట్టి పేరు మధ్యలోనే ఉండాలి. తెలుగు వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వరుసల మధ్య ఖాళీ వదలాలి. అమ్మీ కళ్ళజోడు లేకుండా చదవగలిగితే చాలు, అదే పరీక్ష.

ఇంకొక సంగతి. ఒకసారి పెట్టాక స్లైడ్‌ని తీసేయవచ్చు గానీ, దాని చోట కొత్త బొమ్మ పెట్టడం కుదరదు. కింద రాసిన మాటలను మాత్రం ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. అందుకే 'మొత్తం 15 పోస్టులు', 'వచ్చే జుమా నాడు కొత్తది' లాంటివి స్లైడ్ల మీద రాయొద్దన్నాను. మారేవన్నీ కింద రాతలోకి వెళ్ళాయి. భాంజీ పేరు, చదువు కూడా అక్కడే రెండు వాక్యాల్లో సర్దుకున్నాయి. ఫలానా చదివాను, ఆలిమాను కాను అని. ఆ రెండూ తెలియడం చదివేవాళ్ళ హఖ్, దాచకూడదు. కాకపోతే దానికి ఎనిమిది స్లైడ్లు అక్కర్లేదు.

కొత్తది పెట్టేముందు మళ్ళీ మా బేగమ్ చేతికే ఇచ్చాం. ఈసారి ఏడూ జరిపింది. ఫోను తిరిగివ్వలేదు. లేచి లోపలికి వెళ్ళి, ఆల్మారీలోంచి మా నికాహ్‌నామా తెచ్చి నా ముందు పెట్టింది. "ఉర్దూ మీడియమ్ సాబ్, చదవండి. ఐనా, వావా?"

వావ్. ఇరవై ఏళ్ళుగా బాకీ ఉన్నాను. ఆ సంగతి ఆమెకు కారౌసెల్ ఏడో స్లైడ్ దగ్గర తెలిసింది. ఇన్షాఅల్లాహ్, ఈ నెల జీతం రాగానే తీర్చేస్తాను.