ఉప్పు నీళ్ళతో విషం పోదు, కడగకుండా కోసిన కూర తినం

కొంచెం పెద్ద పోస్టు. తీరిక చేసుకొని చివరిదాకా చదవండి.

ఈ మధ్య మన గ్రూపుల్లో ఒక వీడియో బాగా తిరుగుతోంది. ఒక గిన్నెలో నీళ్ళు పోసి ఉప్పు, వెనిగర్, వంట సోడా మూడూ కలుపుతారు. బుసబుస పొంగుతుంది. అందులో ద్రాక్ష, టమాట వేస్తారు. పది నిమిషాలకు నీళ్ళు పచ్చగా మారగానే "చూడండి, విషం ఎట్లా దిగిందో" అంటారు. దాని కింద మనోళ్ళే "మన పిల్లలకు, మన వంటోళ్ళకు అవగాహన లేదు, అందుకే రోగాలు" అని రాస్తున్నారు. ఈ మాటకే మేము జవాబు చెప్పదలుచుకున్నాం. హాస్టల్ల ఉండి చదువుకుంటున్నోళ్ళం, ఇంటికి పోతే పత్తి చేన్ల పంపు మోసే నాయనల పిల్లలం. పురుగు మందు అంటే ఏందో మాకు వీడియో చూసి తెలియాల్సిన పని లేదు.

ముందు ఆ గిన్నె సంగతి. వెనిగర్ పులుపు, సోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. పొంగేది గ్యాసు. మిగిలేది కొంచెం ఉప్పదనం ఉన్న నీళ్ళు, అంతే. విడివిడిగా వాడితే వచ్చే కాస్త లాభం కూడా కలిపితే పోతుంది. ఇక నీళ్ళు పచ్చగా మారడం. చాలా పండ్ల, ఆకుల తొక్కలో ఉండే రంగు సోడా నీళ్ళలో పసుపుగానో, పచ్చగానో మారుతుంది. మందు ఒక్క చుక్క కొట్టని పండును వేసినా మారొచ్చు. ద్రాక్ష మీద తెల్లగా బూడిదలా కనిపించేది కూడా ఎక్కువగా ఆ పండుకు పుట్టుకతో వచ్చే మైనమే. కాయ మీద మిగిలిన మందు కంటికి కనపడదు, వాసన కూడా చాలాసార్లు రాదు. కాబట్టి నీళ్ళ రంగు చూసి "విషం దిగింది" అనేటోడు, రంగు మారకపోతే "విషం లేదు" అని కూడా అంటాడు. ప్రమాదం అక్కడుంది.

మరి ఏది పని చేస్తది? ఒక్కొక్కటి చూద్దాం.

ఉత్త నీళ్ళు. చాలామంది దీన్ని తీసిపారేస్తారు గానీ మొదట నిలబడేది ఇదే. అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం వాళ్ళు పంపు కింద కడిగి పరీక్షిస్తే, చూసిన 12 మందుల్లో 9 తగ్గాయి. ఆ మందు నీళ్ళలో కరిగేదా కరగనిదా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. అంటే మందును నీళ్ళు కరిగించి తీయడం కాదు, పారే నీళ్ళు, చేతి రాపిడి కలిసి దుమ్ముతో పాటు దాన్ని తోసేస్తున్నాయి. అందుకే తొట్టిలో ముంచి తీస్తే చాలదు, పారే నీళ్ళ కింద కనీసం అర నిమిషం రుద్దాలి. కూరగాయలు కడగడానికని అమ్మే సీసా ద్రావణాలు కూడా ఉత్త నీళ్ళకన్నా మెరుగు అనిపించుకోలేదు. అయితే తగ్గని మూడింటిలో క్లోరోపైరిఫాస్ ఒకటి. మన ఊళ్ళల్ల ఆ డబ్బా చూడనోళ్ళు ఎవరు?

వంట సోడా. దీనికి ఆధారం ఉంది, కానీ వీడియోలో చెప్పినంత లేదు. మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో యాపిల్ పండ్ల మీద రెండు మందులు పూసి పరీక్షించారు. లీటరు నీళ్ళకు 10 గ్రాముల సోడా, అంటే సుమారు రెండు చెంచాలు. పై తొక్క మీదున్న ఒక మందు పోవడానికి 12 నిమిషాలు, ఇంకోదానికి 15 నిమిషాలు పట్టింది. ఉత్త పంపు నీళ్ళకన్నా బాగా పని చేసింది, ఎందుకంటే ఆ రకం మందులు క్షారంలో విరిగిపోతాయి. కానీ అదే పరీక్షలో ఒక మందు ఐదో వంతు అప్పటికే తొక్క దాటి లోపలికి పోయింది. దాన్ని సోడా తీయలేకపోయింది. పైగా అది రెండు మందుల మీద చేసిన పరీక్ష, అన్ని మందులకూ రాసిచ్చిన హామీ కాదు.

ఉప్పు. గోబీ పువ్వులో, ఆకుకూరలో దాక్కున్న పురుగు బయటికి రావడానికి ఉప్పు నీళ్ళు మంచివే. మన అమ్మలు చేసేది అందుకే. మందు విషయంలో మాత్రం ఉప్పు మీద అంత భరోసా పెట్టుకోవద్దు. వెనిగర్ కొన్ని సూక్ష్మజీవులను తగ్గిస్తది గానీ మన చేన్లల్ల కొట్టే చాలా మందులు పులుపులో గట్టిగానే నిలబడతాయి. పైగా లెక్క చూడండి. పది లీటర్ల నీళ్ళకు లీటరు చొప్పున కలిపినా హాస్టల్ తొట్టికి రోజుకు ఐదారు లీటర్ల వెనిగర్ కావాలి. కూరలకే పైసలు చాలని చోట దాన్ని ఎవరు కొంటారు? సబ్బు, సర్ఫ్ అసలే వద్దు. కాయ దాన్ని పీల్చుకుంటుంది, అది మన కడుపులోకే పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. కొన్ని మందులు కాయ మీద కూర్చోవు, చెట్టు లోపలికి పాకుతాయి. మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్ అట్లాంటివే. వేరు నుంచో ఆకు నుంచో లోపలికి పోయి రసంతో తిరుగుతాయి. రసం పీల్చే పురుగు చావడానికే అట్లా తయారు చేశారు. దాన్ని ఏ నీళ్ళూ కడగవు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని 2005లోనే నిషేధించారు. కానీ పత్తికి కొన్న డబ్బాలో మిగిలిన మందు పక్కనే ఉన్న వంకాయ మడికి పోకుండా ఆపేది ఎవరు? వంకాయకు కాయ తొలిచే పురుగు పడితే వారం వారం కొడతారు, రెండు రోజులకే తెంపి సంతకు పంపుతారు. మందు కొట్టినంక ఎన్ని రోజులు ఆగి తెంపాలో డబ్బా మీద రాసి ఉంటది. చీమ తలకాయంత అక్షరాల్లో, మన రైతుకు రాని భాషలో. ఆ ఆగే రోజులు పాటిస్తే పోయే విషాన్ని, పాటించకుండా వదిలేసి, చివర తినేటోడి గిన్నెలో చెంచా సోడా వేసి తీసుకో అంటే అది అవగాహన కాదు, తప్పించుకోవడం.

అట్లాగని కడగొద్దని మేము అనట్లేదు. పైనున్నది పోయేదే కదా, దాన్నైనా పోగొట్టాలి. ఇక్కడే మన హాస్టళ్ళ మీద మా గొడవ. "ఎట్లాగూ ఉడుకుతది కదా" అని కడగకుండా కోస్తారు, లేదా కోసినంక ఒకసారి నీళ్ళు తిప్పి పారబోస్తారు. ఉడికితే క్రిములు చస్తాయి నిజమే, మట్టి చావదు, మందు కొంత తగ్గినా పూర్తిగా పోదు. కోసినంక కడిగితే పైనున్నది కత్తి వెంట లోపలికి పోయే ఉంటది, పైగా ముక్కల్లోని విటమిన్లు నీళ్ళలో పోతాయి. కడగడం కోతకు ముందే.

లెక్క వేసి చెబుతాం. 180 మంది ఉన్న హాస్టల్. ఒక పూట వంకాయ టమాట, 12 కిలోలు, 8 కిలోలు. ముందు పుచ్చు కాయలు, పగిలిన టమాటలు ఏరేయాలి, ఎందుకంటే పగులులోంచి మురికి నీళ్ళు లోపలికి పోతాయి. ఒక టబ్బులో ఐదేసి కిలోలు వేసి మట్టి వదిలేదాకా చేత్తో కలపాలి. రెండు విడతలకు ఒకసారి నీళ్ళు మార్చాలి, లేకపోతే మొదటి కాయల మురికి చివరి కాయలకు అంటుకుంటది. తర్వాత జల్లి బుట్టలో వేసి పంపు కింద గుప్పెడు గుప్పెడు రుద్దాలి. వంకాయ ముచ్చిక కింద మందు, దుమ్ము ఆగుతాయి, అందుకే కడిగినంక ముచ్చిక తీసేసి కోయాలి. ఇద్దరు మనుషులు, అర గంట, సుమారు రెండు వందల లీటర్ల నీళ్ళు. ఇంతే.

తోటకూర, గోంగూర అయితే పద్ధతి వేరే. టబ్బు నిండా నీళ్ళలో ముంచి కదిపి, ఆకును పైకి ఎత్తి తీయాలి. ఆకు టబ్బులోనే ఉంచి నీళ్ళు వంచితే అడుగుకు దిగిన ఇసుక మళ్ళీ ఆకు మీదికే వస్తది. అడుగున ఇసుక కనపడనిదాకా, రెండు మూడు సార్లు. క్యాబేజీకి పై ఆకులు రెండు మూడు తీసి పారేయాలి. సోడా నీళ్ళు అన్నిటికీ అక్కర్లేదు. జామ, ద్రాక్ష, కీరదోస, టమాట లాంటివి పచ్చిగా, తొక్కతో తినేటప్పుడు చాలు. 50 లీటర్ల టబ్బుకు అర కిలో సోడా, 15 నిమిషాలు, తర్వాత మంచి నీళ్ళతో తప్పకుండా కడగాలి.

మరి హాస్టల్లో ఇది ఎందుకు జరగట్లేదు? వంట అక్కలకు తెలివి లేక కాదు. ఇద్దరు మనుషులు పొద్దుగాల టిఫిన్, మధ్యాహ్నం భోజనం ఒకేసారి చూస్తారు. కూరగాయలు కోసే చోట పంపు ఉండదు, డ్రమ్ములోంచి ముంచుకోవాలి. వాళ్ళ మీద వేలు చూపెట్టేటోళ్ళు ఒక్క పూట వచ్చి ఆ డ్రమ్ము దగ్గర కూర్చోండి. మేము అడిగేది ఇవి: కోసే చోట ఒక పంపు, రెండు పెద్ద టబ్బులు, రెండు జల్లి బుట్టలు, కడగడానికి ఇంకో మనిషి. కూరగాయలు పొద్దున వంట మొదలయ్యాక కాదు, ముందు రోజు సాయంత్రమే రావాలి. మెస్ కమిటీ ఉన్న ప్రతి హాస్టల్లో ఈ నాలుగూ రాసి సంతకాలతో ఇవ్వండి.

ఇంటి దగ్గర ఇంకో మాట. అడవిలోంచి తెచ్చిన బోడకాకర, తునికి పండ్లకు మట్టి, దుమ్ము తప్ప మందు ఉండదు. ఉత్త నీళ్ళు చాలు, బోడకాకర ముళ్ళ మధ్య మట్టి కాబట్టి కాసేపు నానబెట్టి రుద్దండి. కానీ మన అమ్మలు పత్తి చేన్ల కలుపు తీస్తూ ఒడిలో వేసుకొచ్చే తుమ్మికూర, గునుగు కూర అట్లా కాదు. పత్తికి కొట్టిన ప్రతి చుక్కా దాని మీద కూడా పడింది. దానికి ఉప్పు లేదు, సోడా లేదు. మందు కొట్టిన చేన్ల కూర తెంపొద్దు, అంతే. మందు కలిపిన బకెట్టు ఎంత కడిగినా కూరగాయలకు, తాగే నీళ్ళకు వాడొద్దు.

కాయ మీద మిగిలిన మందు గురించి పట్నంలో ఇంత భయం ఉంది. ఆ మందును ఒట్టి చేత్తో కలిపి, ముక్కుకు తువ్వాల కట్టుకొని రోజంతా కొట్టే మన నాయన ఒంటి మీద ఎంత ఉంటదో ఏ వీడియో చెప్పదు. ఆయనకు గ్లౌజులు, మాస్కు ఇవ్వకుండా, మందు పేరు తెలుగులో పెద్దగా రాయకుండా, ఎప్పుడు తెంపాలో చెప్పకుండా అమ్మేటోళ్ళను వదిలేసి మన వంటోళ్ళను తిట్టే పోస్టులు ఇక ఫార్వర్డ్ చేయకండి. ఈసారి ఇంటికి పోయినప్పుడు మూలన ఉన్న మందు డబ్బా తీసి, దాని మీద తెంపడానికి ముందు ఎన్ని రోజులు ఆగాలని రాసుందో చదివి నాయనకు చెప్పండి. ఆ సంఖ్య, పంట పేరు ఇక్కడ కామెంట్ల రాయండి. మన మండలాల్లో ఏ మందు ఎక్కువ నడుస్తోందో మనమే ఒక పట్టిక రాసుకుందాం.