'దాటొద్దు' అన్న మాట ఎక్కడ పోయింది?

నిజామాబాద్‌లో గల్ఫ్‌కు వెళ్లే వెల్డర్లకు శిక్షణ ఇచ్చే ఒక చోట, వెల్డింగ్ ప్రొసీజర్ స్పెసిఫికేషన్‌ని తెలుగు చేసే పని నాకొచ్చింది. ఏ లోహానికి ఏ రాడ్, ఎంత కరెంటు, ఎంత వేడి అన్నీ చెప్పే కాగితం అది. నా కాపీని ఒక పెద్దమనిషి 'భాష సరిచేశారు'. ప్రీహీట్ 'పూర్వతాపనం' అయింది. ఫిల్లర్ మెటల్ 'పూరక లోహం' అయింది. 'ఇంటర్‌పాస్ వేడి 150 డిగ్రీలు దాటొద్దు' అని నేను రాస్తే, అది 'అంతర్గమన ఉష్ణోగ్రత: 150' అయింది.

బోధన్ దిక్కు పిల్లగాడొకడు అది చదువుకుని, ట్రేడ్ టెస్టులో 304 స్టెయిన్‌లెస్ పైపుని టార్చితో 150 దాకా కాల్చబోయాడు. అక్కడే ఆపేశారు. "కాగితంల 150 అనే ఉంది గద సార్!"

నిజమే, ఉంది. తప్పు వాడిది కాదు.

ప్రీహీట్ అంటే మొదలుపెట్టే ముందు కనీసం ఉండాల్సిన వేడి. మందపాటి కార్బన్ స్టీల్‌ని వేడి చేయకుండా అతికితే జాయింటు గబుక్కున చల్లారి, లోపల చిక్కిన హైడ్రోజన్ వల్ల పగులుతుంది. ఇంటర్‌పాస్ అంటే ఒక రన్ అయ్యాక తర్వాతి రన్ మొదలుపెట్టే ముందు జాయింటులో ఉన్న వేడి. స్టెయిన్‌లెస్‌కి దాని మీద పై హద్దు పెడతారు. వేడి మీద వేడి ఎక్కితే లోహం చల్లారడం ఆలస్యమై, క్రోమియం కార్బన్‌తో కలిసిపోతుంది. తుప్పుని ఆపాల్సిన క్రోమియం అక్కడ తగ్గిపోతుంది. అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, తర్వాతెప్పుడో పక్క నుంచి తినేస్తుంది.

వెల్డర్ చేతిలో టెంపరేచర్ చాక్ ఉంటుంది. దాని మీద రాసిన వేడికి అది కరుగుతుంది. ప్రీహీట్‌కి చాక్ కరగాలి. ఇంటర్‌పాస్ హద్దుకి కరగకూడదు. పరికరం ఒకటే, జవాబు తలకిందులు. ఆ తేడాని మోసేది 'కనీసం', 'దాటొద్దు' అనే రెండు మాటలే. అమెరికన్ ఏఎస్ఎంఈ కోడ్ నమూనా ఫారంలో కూడా ప్రీహీట్ పక్కన మినిమమ్, ఇంటర్‌పాస్ పక్కన మాగ్జిమమ్ అని ఉంటుంది. మనం నామవాచకాన్ని సంస్కరించి, హద్దుని చెరిపేశాం.

'అయితే ఇంగ్లిష్‌లోనే ఉంచేద్దాం' అనేవాళ్లతోనూ నాకు పేచీయే. 'ఇంటర్‌పాస్: 150' అని తెలుగు లిపిలో రాసినా ఆ పిల్లగాడు టార్చి వెలిగించేవాడే. పేరు ఏ భాషలో ఉందన్నది గొడవ కాదు, వాక్యం ఉందా లేదా అన్నదే గొడవ. పూరక లోహమైనా అంతే. షాపులో వాడు అడిగేది ఫిల్లర్ వైరు, చూడాల్సింది ప్యాకెట్ మీది ER308L. చివరి L తక్కువ కార్బన్‌కి గుర్తు. ఆ అక్షరాన్ని ముట్టుకోకుండా, ఎందుకుందో చెప్పడమే అనువాదం.

బోధన్ నిజాం షుగర్స్ 2015 చివర్లో మూతపడింది. బాయిలర్ల దగ్గర పనిచేసిన తరం రాడ్, రన్, రూట్ అనే మాటల్ని ఎప్పుడో తెలుగు చేసుకుంది. వాటిని మళ్లీ శుద్ధి చేయడానికి మనమెవరం?

నా వాక్యం ఇదీ: 'ప్రతి రన్‌కి ముందు జాయింటు పక్కన వేడి చూడు. 150 దాటితే ఆగు, చల్లారనివ్వు.' ఇందులో సాహిత్యం లేదంటారా? చదివినవాడి చేయి సరైన చోట ఆగుతుంది. నాకది చాలు.