పదును పెట్టిన ఎక్స్‌రేను నమ్మి కత్తి పట్టొద్దు

మోకీలు మార్పిడి చేయించుకున్న మనిషి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ నొప్పితో వస్తే, ఎక్స్‌రేలో వైద్యుడు ముందు వెతికేది లోహానికీ ఎముకకూ మధ్య నల్లటి గీత ఉందా అని. అది 2 మిల్లీమీటర్లు దాటి, పాత ఎక్స్‌రేతో పోలిస్తే పెరిగి కనిపిస్తే కీలు వదులైందని అనుమానిస్తారు. ఆ అనుమానం రెండో ఆపరేషన్ దాకా వెళ్లవచ్చు. ఆ గీత కంప్యూటర్ గీసినదైతే?

అలా జరుగుతుంది. బొమ్మకు పదును పెట్టే సాఫ్ట్‌వేర్ అంచుకు ఒక వైపు తెలుపును ఇంకా తెల్లగా, రెండో వైపు నలుపును ఇంకా నల్లగా చేస్తుంది. ఎక్స్‌రేలో లోహం తెల్లగా ఉంటుంది కాబట్టి, పదును మితిమీరితే దాని చుట్టూ నల్లటి పట్టీ ఏర్పడుతుంది. అచ్చం వదులైన కీలులాగే ఉంటుంది.

కనిపెట్టే దారి ఉంది. నిజమైన వదులు ఎముకను ఆనుకున్న చోటే, చాలాసార్లు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. దొంగ పట్టీ లోహం చుట్టూ ఒకే వెడల్పుతో తిరుగుతుంది; ఎముక లేని, కండ మాత్రమే ఉన్న చోట కూడా వదలదు. కుడి, ఎడమ తెలియడానికి ఫిల్మ్‌పై పెట్టే సీసపు అక్షరం చుట్టూ కూడా అదే పట్టీ ఉంటే అనుమానమే అక్కర్లేదు. అదే ఎక్స్‌రే ఫైలును పదును తగ్గించి మళ్లీ ప్రాసెస్ చేయిస్తే గీత మాయమవుతుంది. దీనికి రోగిపై మరోసారి కిరణాలు పడక్కర్లేదు.

పదును ఉన్నదాన్ని పెంచి చూపిస్తుంది. ఏఐతో బొమ్మను పెద్దది చేయడం అంతకంటే ప్రమాదం, అది లేనిదాన్ని కల్పిస్తుంది. నిలువుగా, అడ్డంగా నాలుగేసి రెట్లు పెంచితే ఒక్క చుక్క 16 చుక్కలవుతుంది. మిగతా 15 వేరెవరి బొమ్మల నుంచో నేర్చుకున్న ఊహ. 2020లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ కలిసి తక్కువ సమాచారంతో ఏఐ చేత ఎంఆర్ఐ బొమ్మలు తయారుచేయించే పోటీ పెట్టాయి. ఎనిమిదో వంతు సమాచారంతో తయారైన మెదడు బొమ్మల్లో కొన్నిటిలో, నిజానికి లేని నిర్మాణాలు సహజంగా కనిపించాయని రేడియాలజిస్టులు గుర్తించారు. పోటీదారులు మొదలుపెట్టింది యంత్రం ఇచ్చిన అసలు సంకేతాలతో. మనవాళ్లు మొదలుపెట్టేది కిటికీ వెలుతురుకు ఫిల్మ్ పట్టి తీసిన వాట్సాప్ ఫొటోతో.

పదును పూర్తిగా మానమని మేం అనడం లేదు. డిజిటల్ ఎక్స్‌రే యంత్రాలు కొంత పదును పెట్టిన బొమ్మనే ఇస్తాయి. తెలిసిన రేడియాలజిస్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మా అభ్యంతరం చెప్పకుండా చేసే దిద్దుబాటుపైన. ఏ పద్ధతిలో, ఎంత మార్చారో ప్రతి రిపోర్టులోనూ రాయాలి. ఏఐ పెంచిన బొమ్మ మీద, అసలు బొమ్మ పక్కన లేకుండా రిపోర్టు ఇవ్వడాన్ని ప్రభుత్వం నిషేధించాలి.

పాఠకులకు ఒక విన్నపం. స్కానింగ్ సెంటర్ ఇచ్చే ఫిల్మ్‌తో సరిపెట్టుకోకండి, డైకామ్ ఫైళ్లున్న సీడీ అడిగి తీసుకోండి. దూరాన ఉన్న డాక్టరుకు పంపాల్సి వస్తే ఆ ఫైళ్లే పంపండి. మసకగా ఉందని ఫోన్ యాప్‌లో పెట్టి మెరుగుపరచకండి.